నెల మధ్యలో వచ్చే నగదు కొరతను ముందే పట్టుకోవడం ఎలా? నగదు బడ్జెట్, సరళ బడ్జెట్‌లను కలిపి తయారుచేసే పద్ధతి

"పుస్తకాల్లో లాభం కనిపిస్తోంది, కానీ జీతాల రోజున బ్యాంకులో డబ్బు లేదు" అన్న ఫిర్యాదుతో మొదలయ్యే ప్రశ్నలు తరచుగా వస్తున్నాయి. వాటికి ఒకేచోట సమాధానం చెప్పడానికి ఒక చిన్న సంస్థ లెక్కను మొదటి నుంచి చివరి దాకా కడతాను. నగదు బడ్జెట్ ఏ నెలలో ఎంత డబ్బు చేతికి వస్తుంది, ఎంత బయటికి పోతుంది అన్నది చెబుతుంది. సరళ బడ్జెట్, అంటే ఫ్లెక్సిబుల్ బడ్జెట్, ఉత్పత్తి పెరిగినా తగ్గినా ఖర్చు ఎంత మారుతుందో చెబుతుంది. చాలామంది వీటిని విడివిడిగా నేర్చుకుని విడివిడిగానే వాడతారు. నెలవారీ కొరతను అంచనా వేయాలంటే మాత్రం రెండింటినీ ఒకదానికొకటి ముడివేయాలి.

మన ఉదాహరణ సంచులు కుట్టి, ఎక్కువగా అరువు మీద అమ్మే ఒక సంస్థ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నాలుగు నెలలకు బడ్జెట్ వేద్దాం. సంచుల సంఖ్యలు, ఒక్కో సంచి ధర, ఖర్చు ఉన్నవి ఉన్నట్టుగా ఇచ్చాను. మిగతా మొత్తాలన్నీ వేలలో ఉన్నాయి.

## 1. కాగితం మీద కలం పెట్టేముందు సేకరించవలసినవి

బడ్జెట్ పట్టిక గీయడానికి గంట పడితే, దానికి కావలసిన సమాచారం సేకరించడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈ రోజులను మిగుల్చుకోవాలని చూడకండి, ఎందుకంటే పట్టికలో వచ్చే తప్పుల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి.

- బడ్జెట్ మొదలయ్యే నాటికి నగదు, బ్యాంకు నిల్వలు. పాస్‌బుక్ నిల్వ కాదు. ఇచ్చి ఇంకా చెల్లింపు కాని చెక్కులు తీసివేసిన తర్వాతి నిల్వ.
- గత రెండు నెలల అమ్మకాలు, రాబోయే ఐదు నెలల అమ్మకాల అంచనా.
- గత ఏడాది బిల్లుల్లో ఎంత భాగం ఎన్ని రోజులకు వసూలైంది.
- సరఫరాదారులకు నిజంగా ఏ తేదీల్లో చెల్లిస్తున్నారు. ఒప్పందంలో ఉన్న గడువు వేరు, వాస్తవంగా ఇస్తున్న తేదీ వేరు.
- నెలనెలా రాని చెల్లింపులు: పన్ను, అప్పు వాయిదా, యంత్రాల కొనుగోలు.

వసూళ్ల శాతాన్ని యజమాని జ్ఞాపకం మీద ఆధారపడి రాయవద్దు. "అందరూ నెలలోపే ఇచ్చేస్తారు" అని చెప్పిన చోట బిల్లు తేదీని, డబ్బు జమ అయిన తేదీని పక్కపక్కన రాసి చూస్తే సగటు 50 రోజులు దాటిన సందర్భాలను నేను చూశాను. కనీసం 30 బిల్లులనైనా ఇలా సరిచూసి, ఆ తర్వాతే శాతం రాయండి.

మన సంస్థలో ఈ పని చేస్తే తేలినవి ఇవి. అమ్మిన నెలలోనే 20 శాతం, మరుసటి నెలలో 60 శాతం, ఆ పై నెలలో 18 శాతం వసూలవుతున్నాయి. మిగిలిన 2 శాతం రాని బాకీ. ప్రారంభపు నిల్వ 100. ఎప్పుడూ 60కి తగ్గకుండా చూసుకోవాలన్నది సంస్థ పెట్టుకున్న కనీస నిల్వ.

## 2. అమ్మకాలను వసూళ్లుగా మార్చడం

సంచి ధర 500. నవంబరు, డిసెంబరు నెలల్లో 800 చొప్పున అమ్మారు. జనవరిలో 1000, ఫిబ్రవరిలో 1200, మార్చిలో 2000, ఏప్రిల్‌లో 1000 సంచులు అమ్ముడవుతాయని అంచనా. అంటే అమ్మకాల విలువ వరుసగా 400, 400, 500, 600, 1000, 500.

ప్రతి నెల వసూళ్లలోనూ మూడు నెలల అమ్మకాల భాగాలు ఉంటాయి. ఫిబ్రవరినే తీసుకోండి. ఆ నెల అమ్మకం 600లో 20 శాతం, అంటే 120. జనవరి అమ్మకం 500లో 60 శాతం, అంటే 300. డిసెంబరు అమ్మకం 400లో 18 శాతం, అంటే 72. మొత్తం 492. ఇదే విధంగా జనవరికి 412, మార్చికి 650, ఏప్రిల్‌కు 808 వస్తాయి.

అమ్మకాలు మార్చిలో శిఖరానికి చేరితే వసూళ్లు ఏప్రిల్‌లో చేరుతున్నాయి. ఈ నెల రోజుల ఎడమే మనం పట్టుకోవలసినది.

## 3. ఉత్పత్తి ప్రణాళిక నుంచి చెల్లింపులను రాబట్టడం

చెల్లింపులను అమ్మకాల నుంచి లెక్కించకూడదు, ఉత్పత్తి నుంచి లెక్కించాలి. ఈ సంస్థలో ఒక నెల అమ్మవలసిన సంచులను అంతకుముందు నెలలోనే కుడతారు. కాబట్టి జనవరిలో 1200, ఫిబ్రవరిలో 2000, మార్చిలో 1000, ఏప్రిల్‌లో 800 సంచులు కుట్టాలి. ఏప్రిల్‌లో కుట్టేవి మే నెల అమ్మకానికి, అందుకే ఐదు నెలల అంచనా కావాలన్నాను.

ఒక్కో సంచికి ముడిసరుకు 200, కుట్టుకూలి 100, ఇతర చర ఖర్చులు, అంటే ఉత్పత్తితో పాటు పెరిగే తగ్గే ఖర్చులు, 30. ముడిసరుకు విలువలో సగం కొన్న నెలలో, సగం మరుసటి నెలలో చెల్లిస్తారు. కూలి, చర ఖర్చులు అదే నెలలో పోతాయి. స్థిర ఖర్చులు నెలకు 90, అందులో యంత్రాల తరుగుదల 15. తరుగుదల లాభాన్ని తగ్గిస్తుంది కానీ ఎవరి చేతికీ డబ్బుగా వెళ్లదు, కాబట్టి నగదు బడ్జెట్‌లోకి వచ్చేది 75 మాత్రమే.

వీటికి తోడు ఫిబ్రవరిలో కొత్త కుట్టుయంత్రాలకు 90, మార్చిలో పాత అప్పు అసలు వాయిదా 40, ఏప్రిల్‌లో పన్ను 50 చెల్లించాలి.

| | జనవరి | ఫిబ్రవరి | మార్చి | ఏప్రిల్ |
|---|---|---|---|---|
| ప్రారంభపు నిల్వ | 100 | 61 | −192 | −87 |
| వసూళ్లు | 412 | 492 | 650 | 808 |
| ముడిసరుకు | 220 | 320 | 300 | 180 |
| కూలి | 120 | 200 | 100 | 80 |
| చర ఖర్చులు | 36 | 60 | 30 | 24 |
| స్థిర ఖర్చులు (నగదు) | 75 | 75 | 75 | 75 |
| ప్రత్యేక చెల్లింపులు | – | 90 | 40 | 50 |
| మొత్తం చెల్లింపులు | 451 | 745 | 545 | 409 |
| ముగింపు నిల్వ | 61 | −192 | −87 | 312 |
| కనీస నిల్వ 60తో పోలిస్తే | +1 | −252 | −147 | +252 |

ఫిబ్రవరి నిలువు వరుసను మరొకసారి చూడండి. ఆ నెల 1200 సంచుల అమ్మకం మీద, రాని బాకీ కూడా తీసేస్తే, ఒక్కో సంచికి 160 మిగులుతుంది. మొత్తం 192, అందులోంచి స్థిర ఖర్చులు 90 పోగా లాభం 102. అదే నెలలో చేతిలోని నగదు 253 తగ్గింది. లాభనష్టాల ఖాతా ఒక్కటే చూసే యజమానికి ఫిబ్రవరి మంచి నెలగానే కనిపిస్తుంది. కొరత అమ్మకాలు పడిపోయిన నెలలో రాలేదు. అన్నిటికంటే పెద్ద అమ్మకానికి సిద్ధమవుతున్న నెలలో వచ్చింది.

అప్పును ఈ పట్టికలో ఇప్పుడే కలపలేదని గమనించండి. కొరత అసలు ఎంత అన్నది ముందు తేలాలి. మొదటే ఓవర్‌డ్రాఫ్ట్‌ను, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి బ్యాంకు వాడుకోనిచ్చే అప్పును, వసూళ్ల వరుసలో రాస్తే పట్టిక ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది, కొరత ఎక్కడుందో కనబడదు.

## 4. కొరతను తగ్గించే మార్గాలు: ఏది ముందు, ఏది తర్వాత

బ్యాంకు దగ్గరికి వెళ్లేముందు 252 అన్న అంకెను సొంత ప్రయత్నంతో ఎంతవరకు తగ్గించవచ్చో చూడాలి. వరుస ఇలా ఉండటం మంచిదని నా అభిప్రాయం.

మొదట, ఉత్పత్తితో సంబంధం లేని చెల్లింపులను జరపండి. ఫిబ్రవరి ఉత్పత్తి ఆ కొత్త యంత్రాలు లేకుండా జరుగుతుందా అని కుట్టు విభాగాన్ని చూసేవారిని అడగాలి. జరుగుతుందంటే వాటి కొనుగోలును ఏప్రిల్‌కు మార్చండి. ఒక్క నిర్ణయంతో ఫిబ్రవరి కొరత 162కు, మార్చి కొరత 57కు దిగుతాయి. యంత్రాలు లేకపోతే 2000 సంచులు కుట్టలేమంటే మాత్రం ఈ చెల్లింపును ముట్టుకోకూడదు.

తర్వాత, పెద్ద ఆర్డర్ల మీద అడ్వాన్సు అడగండి. మార్చి అమ్మకాల్లో 600 సంచులు, అంటే 300 విలువైనవి, ఒకే కొనుగోలుదారుకు వెళ్తున్నాయనుకుందాం. ఆ కొనుగోలుదారు మార్చిలో ఎలాగూ చెల్లించే 20 శాతాన్ని ఫిబ్రవరి మొదటి వారంలోనే ఇస్తే 60 చేతికి వస్తుంది. ఫిబ్రవరి కొరత 102కు తగ్గుతుంది. ఆ 60ని మార్చి వసూళ్లలోంచి తప్పనిసరిగా తీసివేయాలి. తీసివేయడం మరచిపోతే ఒకే డబ్బును రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. తీసివేసిన తర్వాత మార్చి కొరత 57 దగ్గరే ఉంటుంది.

డిస్కౌంట్ ఇచ్చి ముందుగా వసూలు చేసుకోవడం అన్నది చివరి మార్గం. నెల ముందు ఇస్తే 2 శాతం తగ్గిస్తామనడం చిన్న విషయంగా తోస్తుంది. అయితే నెలకు 2 శాతమంటే ఏడాదికి దాదాపు 24 శాతం వడ్డీకి డబ్బు తెచ్చుకున్నట్టే. ఓవర్‌డ్రాఫ్ట్ ఏడాదికి 12 శాతానికి దొరుకుతుంటే, 50 మొత్తాన్ని నెల రోజులు వాడుకోవడానికి అయ్యే వడ్డీ 0.5, అదే మొత్తాన్ని డిస్కౌంట్‌తో రాబట్టడానికి అయ్యేది 1. బ్యాంకు అప్పు దొరకనప్పుడు తప్ప ఈ దారి పట్టకండి. ఒకసారి అలవాటైన డిస్కౌంట్‌ను కొనుగోలుదారులు తర్వాత వదులుకోరు.

## 5. నెలను వారాలుగా విడదీయడం

బడ్జెట్ పాఠాలు చాలావరకు నెలాఖరు నిల్వతో ఆగిపోతాయి. నిజమైన ఇబ్బంది నెల మధ్యలో ఉంటుంది. కొరత కనిపించిన ప్రతి నెలనూ వారాలుగా విడదీయాలి.

పైన చెప్పిన రెండు మార్పులూ చేసిన తర్వాతి ఫిబ్రవరి ఇది. జీతాలు, అద్దె వంటి స్థిర ఖర్చులు మొదటి వారంలో పోతాయి. కూలి, చర ఖర్చులు కలిపి వారానికి 65. కొత్త ముడిసరుకుకు మొదటి వారంలో 100, మూడో వారంలో 100. జనవరి సరుకు తాలూకు 120ని 10వ తేదీన, అంటే రెండో వారంలో చెల్లించాలి. వసూళ్లు మాత్రం నెలాఖరు వైపే ఎక్కువగా వస్తున్నాయి.

| | 1వ వారం | 2వ వారం | 3వ వారం | 4వ వారం |
|---|---|---|---|---|
| ప్రారంభం | 61 | −49 | −154 | −199 |
| వసూళ్లు | 130 | 80 | 120 | 222 |
| చెల్లింపులు | 240 | 185 | 165 | 65 |
| ముగింపు | −49 | −154 | −199 | −42 |

నెలాఖరు నిల్వ −42. మూడో వారం చివర మాత్రం −199. నెలవారీ పట్టికను నమ్మి 102కే ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి తీసుకున్న సంస్థ రెండో వారంలోనే చేతులెత్తేస్తుంది. సరఫరాదారుకు ఇచ్చిన చెక్కు వెనక్కి వస్తుంది, ఆ వారం కూలి ఆగుతుంది.

ఇప్పుడు ఇదే పట్టికలో ఒక్క తేదీని మార్చి చూడండి. 10వ తేదీన ఇవ్వవలసిన 120ని 25వ తేదీకి మార్చమని సరఫరాదారును ముందుగానే, జనవరిలోనే, అడిగి ఒప్పించామనుకుందాం. వారాంతపు నిల్వలు −49, −34, −79, −42గా మారతాయి. నెల మొత్తంలో ఒక్క పైసా అదనంగా రాలేదు, ఒక్క పైసా మిగలలేదు. అయినా లోతైన చోటు −199 నుంచి −79కి వచ్చింది. పదిహేను రోజుల గడువు అడగడం, డబ్బు చేతిలో లేని రోజున క్షమించమని అడగడం సరఫరాదారు దృష్టిలో ఒకటి కావు. మొదటిది ప్రణాళిక, రెండోది ఎగవేతకు ముందుమాట.

## 6. సరళ బడ్జెట్ కోసం ఖర్చులను విడదీయడం

ఇంతవరకు మార్చి అమ్మకం 2000 సంచులేనని అనుకున్నాం. అది 1600 కావచ్చు, 2400 కావచ్చు. ఆ మార్పుతో ఏ ఖర్చు కదులుతుంది, ఏది కదలదు అన్నది తెలియాలంటే ఖర్చులను స్థిర, చర భాగాలుగా విడదీయాలి.

ముడిసరుకు, కూలి విషయంలో సందేహం లేదు. కరెంటు, మరమ్మతులు, అద్దె, జీతాలు కలిసిపోయి ఉన్న ఖర్చుల పద్దు దగ్గరే చిక్కు వస్తుంది. దీనికి గరిష్ఠ, కనిష్ఠ ఉత్పత్తి నెలలను పోల్చే పద్ధతి సులువు. గత ఏడాది అతి తక్కువగా 800 సంచులు కుట్టిన నెలలో ఈ పద్దు 114, అతి ఎక్కువగా 2000 కుట్టిన నెలలో 150. సంచుల తేడా 1200, ఖర్చు తేడా 36. అంటే ఒక్కో సంచికి 30 చొప్పున చర ఖర్చు. 2000 సంచులకు చర భాగం 60. 150లోంచి అది తీసేస్తే స్థిర భాగం 90.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. ఎంచుకున్న రెండు నెలల్లో ఏదో ఒకటి అసాధారణమైనదైతే జవాబు మొత్తం వంకరపోతుంది. ఆ నెలలో పెద్ద మరమ్మతు వచ్చిందా, బోనస్ ఇచ్చారా అని చూసి, అలాంటి మొత్తాన్ని తీసేసి లెక్క కట్టండి. మధ్యస్థంగా ఉన్న మరో నెలను తీసుకుని, వచ్చిన సూత్రం దాని అసలు ఖర్చుకు దగ్గరగా ఉందో లేదో సరిచూసుకోండి.

మరో సంగతి కూడా కనుక్కోవాలి. స్థిర ఖర్చు అన్నది ఎంత ఉత్పత్తికైనా స్థిరంగా ఉండదు. ఈ సంస్థలో నెలకు 2200 సంచులు దాటితే రెండో షిఫ్టు నడపాలి, దానికో పర్యవేక్షకుడు, అదనపు కాపలా కావాలి. స్థిర ఖర్చు ఒక్కసారిగా 20 పెరుగుతుంది. ఇలాంటి మెట్లు ఎక్కడున్నాయో లెక్కల పుస్తకం చెప్పదు. పని చేయించేవారిని అడిగి తెలుసుకోవలసిందే.

ఫిబ్రవరి ఉత్పత్తికి సరళ బడ్జెట్ ఇలా వస్తుంది.

| | 1600 సంచులు | 2000 సంచులు | 2400 సంచులు |
|---|---|---|---|
| ముడిసరుకు | 320 | 400 | 480 |
| కూలి | 160 | 200 | 240 |
| చర ఖర్చులు | 48 | 60 | 72 |
| స్థిర ఖర్చులు | 90 | 90 | 110 |
| మొత్తం | 618 | 750 | 902 |

ఒక్కో సంచికి ఖర్చు 386 నుంచి 375కు తగ్గి, 2400 దగ్గర మళ్లీ 376కు చేరింది. మెట్టును మరచి స్థిర ఖర్చును 90గానే ఉంచితే, ఉత్పత్తి పెంచేకొద్దీ ఖర్చు తగ్గుతూనే పోతుందన్న భ్రమ కలుగుతుంది.

## 7. రెండు బడ్జెట్లను ముడివేయడం

ఇప్పుడు సరళ బడ్జెట్‌లోని తేడాలను నగదు బడ్జెట్‌లోకి తీసుకెళ్లాలి. మొత్తం తేడాను నేరుగా దించవద్దు. ఏ భాగం ఏ నెలలో చెల్లించాలో ముందు చూడాలి.

ఆర్డర్లు పెరిగి ఫిబ్రవరిలో 2400 సంచులు కుట్టవలసి వచ్చిందనుకుందాం. ఖర్చు 152 పెరిగింది. అందులో ముడిసరుకు 80లో సగం మార్చిలో పోతుంది. ఫిబ్రవరిలో అదనంగా పోయేవి ముడిసరుకు 40, కూలి 40, చర ఖర్చులు 12, రెండో షిఫ్టు 20, మొత్తం 112. నెలాఖరు కొరత 102 నుంచి 214కు పెరుగుతుంది. ఆ అదనపు 400 సంచుల మీద లాభం, షిఫ్టు ఖర్చు పోగా, 44 పెరుగుతుంది కానీ అది చేతికి రావడం ఏప్రిల్, మే నెలల మాట.

1600 మాత్రమే కుట్టితే ఫిబ్రవరి చెల్లింపులు 92 తగ్గుతాయి. నెలాఖరు నిల్వ 50, కొరత 10 మాత్రమే. అంటే ఆర్డర్లు తగ్గితే అప్పు అవసరం తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది. "అమ్మకాలు బాగుంటే డబ్బు దానంతటదే వస్తుంది" అనుకుని తక్కువ అమ్మకాలకే ప్రమాద అంచనా వేసుకునే సంస్థలు బోర్లాపడేది ఇక్కడే. తక్కువ అమ్మకాల్లో నిజంగా భయపడవలసిన సందర్భం వేరే ఉంది. 2000 కుట్టేసిన తర్వాత మార్చిలో 1600 మాత్రమే అమ్ముడుపోతే డబ్బు సరుకు రూపంలో గోదాములో ఉండిపోతుంది. అప్పుడు మార్చి ఉత్పత్తిని వెంటనే 400 తగ్గించి, మిగిలిన సరుకునే ఏప్రిల్ అమ్మకానికి వాడాలి.

మూడో పరీక్ష వసూళ్లకు. మరుసటి నెలలో 60 శాతానికి బదులు 45 శాతమే వస్తే, జనవరి అమ్మకం 500 మీద ఫిబ్రవరిలో 75 తగ్గుతుంది. కొరత 177 అవుతుంది.

## 8. ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితిని నిర్ణయించడం

సరఫరాదారు గడువు మార్చిన తర్వాత సాధారణ పరిస్థితిలో లోతైన చోటు −79. ఉత్పత్తి 2400కు పెరిగితే మొదటి మూడు వారాల్లోనే అదనంగా 99 పోతుంది, మూడో వారం చివర −178కి చేరతాం. వసూళ్లు కూడా అదే నెలలో వెనకబడితే నెలాఖరుకు −229.

కాబట్టి 250 పరిమితి అడగడం సబబు. రెండు కష్టాలూ ఒకేసారి వచ్చినా ఇది దాటదు. ఒక్కటే వస్తే 60 కంటే ఎక్కువే వాడకుండా మిగులుతుంది. ఓవర్‌డ్రాఫ్ట్ ఉన్న సంస్థ ఒకపక్క వడ్డీ కడుతూ మరోపక్క 60ని నగదుగా దాచి ఉంచడంలో అర్థం లేదు. పరిమితిలో 60ని వాడకుండా ఖాళీగా ఉంచితే కనీస నిల్వ ఉన్నట్టే లెక్క.

అడిగే సమయం ముఖ్యం. జనవరి మొదటి వారంలో వెళ్లండి. ఆనాటికి మీ ఖాతాలో నిల్వ ఉంటుంది, చేతిలో వారాలవారీ పట్టిక ఉంటుంది, ఏప్రిల్‌లో అప్పు ఏ వసూళ్లతో తీరుతుందో చూపగలుగుతారు. ఈ పట్టికలో యంత్రాలు కొన్న తర్వాత కూడా ఏప్రిల్ చివర 312 నిల్వ ఉంది, అందులోంచి వడ్డీ మాత్రమే తగ్గుతుంది. బ్యాంకు అధికారి మొదట చూసేది ఆ నిలువు వరుసనే.

దగ్గర పెట్టుకోవలసిన కాగితాలు:

- నాలుగు నెలల నగదు బడ్జెట్, ఫిబ్రవరి వారాల పట్టిక.
- 1600, 2000, 2400 స్థాయుల సరళ బడ్జెట్.
- పెద్ద ఆర్డర్ కాగితం, అడ్వాన్సుకు ఒప్పుకున్నట్టు రాతపూర్వక ఆధారం.
- ఎవరి నుంచి ఎంత రావాలి, ఎన్ని రోజులైంది అన్న బాకీల జాబితా.

యంత్రాల కోసం ఈ ఓవర్‌డ్రాఫ్ట్‌ను వాడకండి. నెలల్లో తీరే కొరతకు తీసుకున్న పరిమితిని ఏళ్లపాటు పనిచేసే ఆస్తిలో పెడితే, వచ్చే సీజన్ నాటికి ఆ పరిమితి నిండిపోయి ఉంటుంది.

## 9. తరచుగా జరిగే తప్పులు, వాటిని కనిపెట్టే తీరు

శాతాలు కలిపితే 100 వస్తున్నాయి కానీ రాని బాకీ లేదు. 20, 60, 20 అని రాసుకుంటే ప్రతి నెలా 2 శాతం లేని డబ్బు పట్టికలో చేరుతుంది. బడ్జెట్ చివర్లో రావలసిన బాకీల మొత్తాన్ని లెక్కించి పుస్తకాలతో పోల్చితే ఇది బయటపడుతుంది.

వసూలు చేసిన పన్నును సొంత డబ్బుగా లెక్కించడం. కొనుగోలుదారుల నుంచి అమ్మకం పన్ను వసూలు చేసే సంస్థ అయితే ఆ పన్నును వసూళ్లలో కలపాలి, ప్రభుత్వానికి కట్టే నెలలో చెల్లింపుల్లో చూపాలి. ఒక వైపే రాస్తే కట్టే నెలలో అనుకోని లోటు వస్తుంది. అరువు అమ్మకాల మీద డబ్బు రాకముందే పన్ను కట్టవలసిన నిబంధన ఉంటే కొరత ఇంకొంచెం ముందే వస్తుంది. మన ఉదాహరణలో దీన్ని వదిలేశాను.

అసలు ఖర్చును మొదటి బడ్జెట్‌తో పోల్చడం. ఫిబ్రవరిలో నిజంగా 1800 సంచులే కుట్టారు, ముడిసరుకు ఖర్చు 372 అయింది. 2000 సంచులకు వేసిన 400తో పోల్చితే 28 ఆదా చేసినట్టు కనిపిస్తుంది. 1800 సంచులకు సరళ బడ్జెట్ ప్రకారం కావలసింది 360. అంటే 12 ఎక్కువ ఖర్చయింది. కత్తిరింపులో గుడ్డ వృథా అవుతోందా, ధర పెరిగిందా అని ఆ నెలలోనే వెతకాలి. మొదటి పోలికతో తృప్తిపడితే ఆ 12 ప్రతి నెలా పోతూనే ఉంటుంది.

## 10. నెల గడిచాక చేయవలసినది

జనవరి ముగిసిన రెండు మూడు రోజుల్లో అసలు వసూళ్లను, చెల్లింపులను బడ్జెట్ పక్కన రాయండి. తేడా వచ్చిన చోట అది వాయిదా పడిన డబ్బా, పోయిన డబ్బా అని విడదీయండి. జనవరిలో 412కు బదులు 390 వచ్చిందనుకోండి. ఆ 22లో ఒక కొనుగోలుదారు మరో వారంలో ఇస్తానన్న 15 ఫిబ్రవరి మొదటి వారానికి జరుగుతుంది. సరుకు బాగాలేదని నిరాకరించిన 7 పట్టికలోంచే పోతుంది. రెండింటినీ కలిపి "22 తక్కువ" అని రాసేస్తే ఫిబ్రవరి అంచనా మళ్లీ తప్పుతుంది.

ఆ తర్వాత ఫిబ్రవరి ప్రారంభపు నిల్వను అసలు అంకెతో మార్చి, చివర్లో మే నెలను చేర్చి, మార్చిలో కొరత ఇంకా ఉంటే దాన్నీ వారాలుగా విడదీయండి. జనవరి ఆఖరికి చేతిలో ఉన్న ఆర్డర్లు 2200 దాటుతున్నట్టయితే రెండో షిఫ్టు మొదలుపెట్టకముందే, పరిమితిలో ఎంత ఖాళీ ఉందో చూసి ఆ పైన ఆర్డర్లకు ఒప్పుకోండి.